జీడిపప్పు వెళ్ళింది, డబ్బు రాలేదు: కంపెనీని ముద్దాయిగా నిలబెట్టడం ఎలా

పలాస నుంచి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి సరుకు పంపారు. ఆర్డరు పెట్టింది ఆ కంపెనీ కొనుగోలు మేనేజరు. డబ్బు గురించి భరోసా ఇచ్చింది మేనేజింగ్ డైరెక్టరు. బిల్లు మాత్రం కంపెనీ పేరు మీద ఉంది. గడువు దాటింది, ఫోన్లు ఎత్తడం లేదు. ఇప్పుడు చీటింగ్ కేసు పెడితే ముద్దాయి ఎవరు? మేనేజరా, ఎండీనా, కంపెనీయా? కంపెనీకి మనసు లేదు కదా, మోసం చేయాలనే ఉద్దేశం దానికి ఎక్కడి నుంచి వస్తుంది?

కేసు నిలబడేదీ పడిపోయేదీ ఈ చివరి ప్రశ్న దగ్గరే. చాలా ఫిర్యాదులు హైకోర్టులో కొట్టుకుపోవడానికి కారణం మోసం జరగకపోవడం కాదు. మోసపు ఆలోచన ఎవరి బుర్రలో, ఏ తేదీన ఉందో రాయకపోవడం. కింద చెప్పేదంతా ఆ రెండు ముక్కలు పట్టుకోవడం గురించే.

ముందు ఇది తెలుసుకోండి: కంపెనీ బుర్ర అంటే ఎవరు

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 2(26) ప్రకారం "వ్యక్తి" అన్న మాటలో కంపెనీ కూడా ఉంది. కాబట్టి మోసం చేసిన "వ్యక్తి" కంపెనీ కావచ్చు. మోసానికి జైలు శిక్ష ఉంది, కంపెనీని జైల్లో పెట్టలేం, కాబట్టి కేసే చెల్లదు అనే వాదన ఒకప్పుడు నడిచింది. 2003లో సుప్రీంకోర్టు కూడా జైలు తప్పనిసరిగా వేయాల్సిన నేరాల్లో దాన్ని ఒప్పుకుంది. 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3:2తో ఆ తీర్పును పక్కన పెట్టింది. జైలు, జరిమానా రెండూ వేయమని చట్టం చెప్పినా, కంపెనీకి జరిమానా ఒక్కటే వేస్తే సరిపోతుందని తేల్చింది. ఆ తలుపు అప్పటి నుంచి తెరిచే ఉంది.

మిగిలింది ఉద్దేశం సంగతి. 2010లో ఇరిడియం ఇండియా వర్సెస్ మోటరోలా కేసు సరిగ్గా చీటింగ్ మీదే వచ్చింది. కంపెనీకి ఉద్దేశం అనేది ఉండే వీలే లేదు కాబట్టి అది మోసం చేయజాలదు అనే వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కంపెనీ వ్యాపారాన్ని నడిపించే మనిషి, లేదా నడిపించే కొందరు మనుషులు, వాళ్ళ దురుద్దేశమే కంపెనీ దురుద్దేశం అంది. ఆ మనిషి పట్టు ఎంత గట్టిగా ఉండాలంటే, కంపెనీ అతని ద్వారానే ఆలోచిస్తోంది, అతని ద్వారానే పని చేస్తోంది అనగలిగేంత. ఒక్క హెచ్చరిక: ఆ తీర్పు విచారణ మొదలు పెట్టవచ్చా లేదా అన్న దశలో వచ్చింది. నేరం రుజువైందని చెప్పిన తీర్పు కాదు.

దీనికి అవతలి అంచు ఇంగ్లండులో 1971లో వచ్చిన టెస్కో వర్సెస్ నాట్రాస్. ఒక దుకాణంలో తగ్గింపు ధర బోర్డు పెట్టి, బట్టల సబ్బు పొడిని పాత ధరకే అమ్మారు. తప్పు ఆ దుకాణం మేనేజరుది. వందల దుకాణాలున్న సంస్థలో ఒక దుకాణం మేనేజరు కంపెనీ "చెయ్యి" అవుతాడు గానీ "బుర్ర" కాడని అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ అంది. కంపెనీ బయటపడింది. మన కోర్టుల్లో కంపెనీ తరఫు లాయర్లు ఇదే తీసుకొస్తారు: మా కొనుగోలు మేనేజరు చెయ్యి మాత్రమే, బుర్ర కాదు అని. మీ కేసు ఈ వాదనకు ముందే జవాబు సిద్ధం చేసుకుని ఉండాలి.

అన్ని చట్టాలూ బుర్రను వెతకవని కూడా గుర్తుంచుకోండి. చెక్కు బౌన్సు కేసులో దురుద్దేశం రుజువు చేయాల్సిన పనే లేదు. అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 9లో (2018లో మార్చినది) కంపెనీకి సంబంధించిన ఎవరైనా, మామూలు ఉద్యోగి అయినా సరే, కంపెనీ పని కోసం ప్రభుత్వోద్యోగికి లంచం ఇస్తే కంపెనీ చిక్కుకుంటుంది. అలాంటివి జరగకుండా తగిన ఏర్పాట్లు చేసుకున్నామని నిరూపించుకునే భారం కంపెనీదే. చీటింగులో అంత సులువు లేదు.

మొదటి పని: అవతల ఉన్నది కంపెనీయేనా?

"ట్రేడర్స్", "ఎంటర్‌ప్రైజెస్", "అండ్ సన్స్" అని బోర్డు ఉన్నంత మాత్రాన అది కంపెనీ కాదు. బిల్లు మీది జీఎస్టీ నంబరు తీసుకుని gst.gov.in లో Search Taxpayer దగ్గర కొట్టండి. Constitution of Business అన్న గడిలో Proprietorship అని వస్తే కంపెనీ లేనట్టే. యజమానే ముద్దాయి, ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. Private Limited Company అని వస్తే కింది పనులు చేయండి. అక్కడ కనిపించే Legal Name ను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. వ్యాపార పేరు మీద కేసు పెట్టి, అసలు కంపెనీని ముద్దాయిగా చేర్చకపోతే, రెండేళ్ళ తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

తర్వాత కంపెనీ వ్యవహారాల శాఖ సైటు mca.gov.in. కంపెనీ మాస్టర్ డేటా ఉచితంగా కనిపిస్తుంది. CIN అనే 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్య, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, డైరెక్టర్ల పేర్లు అక్కడ ఉంటాయి. కాస్త రుసుము కట్టి కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడవచ్చు. మీకు కావలసినవి మూడు. DIR-12: ఎవరు ఎప్పుడు డైరెక్టరు అయ్యారు, ఎప్పుడు తప్పుకున్నారు. MGT-7: వార్షిక రిటర్ను, వాటాలు ఎవరి చేతిలో ఎన్ని. AOC-4: లెక్కలు, ఆడిటర్ నివేదిక. సరుకు తీసుకున్న వారం తర్వాత ఎండీ రాజీనామా చేసినట్టు DIR-12 పడిందంటే ఆ కాగితం డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. అది నేరాన్ని రుజువు చేయదు గానీ, నేరం నాటికి కుర్చీలో ఎవరున్నారో తేల్చి చెబుతుంది.

రెండో పని: తేదీల పట్టిక

చీటింగుకు మోసపు ఉద్దేశం మాట ఇచ్చే సమయానికే ఉండాలి. తర్వాత డబ్బు కట్టలేకపోవడం, లేదా తర్వాత బుద్ధి మారి ఎగ్గొట్టడం మాట తప్పడమే అవుతుంది గానీ చీటింగు కాదు. 2000లో హృదయ్ రంజన్ ప్రసాద్ వర్మ కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే చెబుతూ వస్తోంది. అందుకే "డబ్బు ఇవ్వలేదు" అన్న వాక్యంతో మొదలయ్యే ఫిర్యాదు మొదటి పేజీలోనే సగం ఓడిపోతుంది.

ఊహకు ఒక లెక్క తీసుకుందాం. సరుకు 320 రకం గుండు జీడిపప్పు, పది కిలోల డబ్బాలు. లోడుకు 200 డబ్బాలు, అంటే రెండు టన్నులు. కిలో 800 రూపాయలు అనుకుంటే లోడు 16 లక్షలు. మూడు లోడ్లు, 48 లక్షలు.

ఆగస్టు 20న కొనుగోలు మేనేజరు 300 కిలోలు తెప్పించుకున్నాడు. నాలుగు రోజుల్లో డబ్బు పడింది. సెప్టెంబరు 2న వాట్సాప్‌లో మూడు లోడ్ల ఆర్డరు పెట్టాడు, దసరా, దీపావళి అమ్మకాలకు అని. అంత సరుకు అప్పు మీద ఇవ్వడానికి మీరు వెనకాడారు. మర్నాడు, సెప్టెంబరు 3న, ఎండీ నుంచి ఈమెయిల్: "మా బ్యాంకు లిమిటు రెన్యువల్ అయింది. ప్రతి లోడుకూ 21 రోజుల్లో డబ్బు." 5, 12, 19 తేదీల్లో లారీలు బయలుదేరాయి. 26వ తేదీకి మొదటి 16 లక్షలు రావాలి, రాలేదు.

ఇంతవరకు ఇది బాకీ. మోసం అనడానికి, సెప్టెంబరు 3 నాటికి ఆ మెయిల్లో రాసింది అబద్ధమనీ, ఆ అబద్ధం రాసినవాడికి తెలుసనీ చూపాలి. బయటివాళ్ళకు అది ఎలా దొరుకుతుంది?

పేపర్లలో వెతకండి. బ్యాంకు అప్పు మొండిబాకీ అయితే, సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందు 60 రోజుల డిమాండు నోటీసు ఇస్తుంది. కట్టకపోతే ఆస్తి స్వాధీనం చేసుకుని, ఆ ప్రకటనను రెండు పత్రికల్లో వేస్తుంది. ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మనం రోజూ పట్టించుకోకుండా పేజీ తిప్పేసే ఆ గళ్ళ ప్రకటనలో డిమాండు నోటీసు తేదీ ఉంటుంది. మన లెక్కలో అక్టోబరులో పడిన ప్రకటన "జూలై 28 నాటి డిమాండు నోటీసు" అని చెబుతోందనుకోండి. అంటే లిమిటు రెన్యువల్ అయిందని ఎండీ రాయడానికి అయిదు వారాల ముందే బ్యాంకు మొత్తం అప్పు కట్టమని నోటీసు రాసింది. హామీదారుగా ఎండీ పేరు కూడా ఆ ప్రకటనలో ఉంటే ఇంకా మేలు. చిన్న కంపెనీల్లో సాధారణంగా ఉంటుంది. నోటీసు కంపెనీ ఆఫీసుకే కాదు, అతని పేరు మీద కూడా వచ్చింది. ఇక "నాకు తెలియదు" అనడం కష్టం.

ఇప్పుడు రెండు ముక్కలూ కుదిరాయి. బుర్ర ఎండీది, తేదీ సెప్టెంబరు 3. అతను కంపెనీని నడిపే మనిషి కాబట్టి, ఇరిడియం ప్రకారం అతని బుర్ర కంపెనీ బుర్ర. 300 కిలోలకు వెంటనే కట్టిన డబ్బు మీకు వ్యతిరేకం కాదు. నమ్మకం కలిగించడానికి వేసిన ఎరగా దాన్ని పట్టికలో పెట్టుకోండి. కానీ దాని మీదే కేసు నిలబెట్టకండి. మొదటి బిల్లు సరిగ్గా కట్టడం మంచి వ్యాపారి చేసే పనే కదా అంటారు.

అదే లెక్క, బుర్ర మారితే

ఎండీ మెయిలే లేదనుకుందాం. మేనేజరు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఆర్డరు పెట్టి, సరుకును దారిలోనే తన బావమరిది గోదాములో దించాడు. కంపెనీ పుస్తకాల్లో ఆ లోడు ఎక్కనే లేదు. ఇక్కడ మోసపు బుర్ర మేనేజరుది. అతను ఎండీ చెప్పినట్టు నడిచే ఉద్యోగి, కంపెనీని నడిపే మనిషి కాదు. పైగా పని కంపెనీకి వ్యతిరేకంగా జరిగింది. చీటింగులో ముద్దాయి అతనొక్కడే, సరుకు దించుకున్నవాడికి తెలిసి ఉంటే వాడు కూడా. ఉద్యోగికి ఆర్డరు పెట్టే అధికారం ఉందని మిమ్మల్ని నమ్మించినందుకు కంపెనీ మీద డబ్బు దావా వేయవచ్చేమో, అది సివిల్ కోర్టు చూసుకుంటుంది. కోపంలో కంపెనీనీ చీటింగు కేసులో కలిపితే, ఆ పేరు కొట్టేయించుకోవడానికి వాళ్ళు హైకోర్టుకు వెళ్తారు. అసలు దొంగ మీది విచారణ కూడా ఆ స్టే కింద ఏళ్ళ తరబడి ఆగుతుంది.

పేరు చిన్నదైనా పట్టు పెద్దదైన మేనేజరు ఉంటాడు. బ్యాంకు ఖాతాలో సంతకం అతనిదే, జీఎస్టీలో అధీకృత సంతకందారు అతనే, బోర్డు తీర్మానం ద్వారా కొనుగోళ్ళ మొత్తం అధికారం అతనికే ఇచ్చారు, డైరెక్టర్లుగా ఉన్నవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళు, పేరుకు మాత్రమే. అక్కడ హోదా చూడకండి, పట్టు చూడండి. విజిటింగ్ కార్డు మీద ఏముందో కాదు, కంపెనీలో ఎవరు అవునంటే అవును అవుతుందో రాయండి, దానికి కాగితం చూపండి.

మూడో రకం చాలామంది గమనించనిది. మొదటి లోడు నాటికి మోసం మేనేజరు ఒక్కడిదే అనుకుందాం. సెప్టెంబరు 8న ఎండీకి విషయం తెలిసింది. అతను ఆపలేదు. 10వ తేదీన మీకు ఫోను చేసి "రెండో లోడు త్వరగా పంపండి, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ప్రతి లోడూ ఒక కొత్త నమ్మించడం, ఒక కొత్త అప్పగింత. 5వ తేదీ లోడుకు కంపెనీ బుర్ర శుభ్రం, 12, 19 తేదీల లోడ్లకు కాదు. కాబట్టి 48 లక్షలూ ఒకే ముద్దగా రాయకండి. లోడు వారీగా రాస్తే ఒకటి పడిపోయినా రెండు నిలుస్తాయి.

మరో చోట జాగ్రత్త. అకౌంటెంటుకు అప్పు సంగతి తెలుసు, మేనేజరు ఆర్డరు పెట్టాడు, ఎండీ ఏమీ తెలియక మెయిలు పంపాడు. ఈ మూడు తెలివిడులను అతికించి "కంపెనీకి తెలుసు, కంపెనీ మోసం చేసింది" అనడం కాగితం మీద బాగుంటుంది. కోర్టులో అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న, ఈ ముగ్గురిలో ఎవరికి మోసం చేయాలని ఉంది అని. ఒక్కరికీ లేకపోతే ముగ్గురిదీ కూడినా సున్నాయే.

మూడో పని: ముద్దాయిల వరస రాయడం

బుర్ర నుంచి కంపెనీకి దారి ఉంది. కంపెనీ నుంచి డైరెక్టర్లకు మాత్రం దానంతటదే తిరుగుదారి లేదు. ఇదే ఎక్కువ మంది తప్పు చేసే చోటు. 2015లో సునీల్ భారతీ మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ తలకిందుల తర్కాన్నే కొట్టేసింది. కంపెనీ ముద్దాయి కాబట్టి దాని పెద్దలూ ముద్దాయిలే అనకూడదంది. ఒక మనిషిని చేర్చాలంటే రెండే దారులు: అతను స్వయంగా దురుద్దేశంతో చేసిన పని చూపాలి, లేదా బాధ్యత డైరెక్టర్ల మీద వేసే నిబంధన ఆ చట్టంలోనే ఉండాలి. చెక్కుల చట్టంలో సెక్షన్ 141 అలాంటిది. న్యాయ సంహిత మోసం సెక్షన్లో అలాంటిది లేదు.

కాబట్టి మన లెక్కలో ఏ-1 కంపెనీ, ఏ-2 ఎండీ. తెలిసే చేశాడని చూపగలిగితే ఏ-3 మేనేజరు. ఎండీ భార్య డైరెక్టరు అయినంత మాత్రాన ఏ-4 కాదు. ఇంట్లో అందరినీ కలిపితే ఒత్తిడి పెరిగి రాజీకి వస్తారన్న ఆశతో చాలామంది కలుపుతారు. ఆ ఆశే కేసును ముంచుతుంది.

ఫిర్యాదులో మామూలుగా కనిపించే పేరా ఇలా ఉంటుంది: "ఏ-1 నుంచి ఏ-5 వరకు కుమ్మక్కై ఫిర్యాదిని మోసం చేశారు." ఇందులో బుర్రా లేదు, తేదీ లేదు. దాని బదులు ఇలా రాయించండి:

"సెప్టెంబరు 3న ఏ-2 తన ఈమెయిల్ నుంచి, ఏ-1 కంపెనీ బ్యాంకు లిమిటు రెన్యువల్ అయిందని ఫిర్యాదికి రాశాడు. ఏ-2 ఏ-1 కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు, బ్యాంకు ఖాతా సంతకందారు, రోజువారీ వ్యాపారం మొత్తం అతని చేతి మీదే నడుస్తుంది. ఆ అప్పు మొండిబాకీ అయి, జూలై 28న బ్యాంకు ఏ-1కూ, హామీదారు అయిన ఏ-2కూ డిమాండు నోటీసు ఇచ్చింది. అది తెలిసీ ఏ-2 ఆ మాట రాశాడు. ఆ మాట నమ్మబట్టే ఫిర్యాది 5, 12, 19 తేదీల్లో సరుకు పంపాడు. ఆ మాట లేకపోతే పంపేవాడు కాదు. సరుకు ఏ-1 గోదాములో దిగింది, లాభం ఏ-1కు చేరింది."

చివరి మూడు వాక్యాలు వదిలేయకండి. నమ్మి పంపానన్నది చీటింగుకు ప్రాణం. సరుకు కంపెనీకే చేరిందన్నది, ఎండీ సొంత దందా కాదు కంపెనీ పనే అని చూపడానికి.

ఏ సెక్షన్లు వేయాలి, ఏవి వేయకూడదు

న్యాయ సంహిత 318(4): మోసంతో ఆస్తి అప్పగింపజేయడం, ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇదే పాత 420. 2024 జూలై 1కి ముందు జరిగిన లావాదేవీ అయితే పాత శిక్షాస్మృతి సెక్షనే వేయాలి.

దీంతో పాటు 316, అంటే నమ్మకద్రోహం, అలవాటుగా కలిపేస్తారు. వద్దు. 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసు మన లెక్కకు చాలా దగ్గరిది. గుర్రాలకు ధాన్యం సరఫరా చేసిన వ్యాపారికి తొమ్మిది లక్షల పైచిలుకు బాకీ రావాలి. క్లబ్బు మీద, దాని పదవుల్లో ఉన్నవాళ్ళ మీద కేసు పెట్టాడు. సుప్రీంకోర్టు కొట్టేసింది. అమ్మిన సరుకు కొన్నవాడి సొంతం అవుతుంది, మీరు దాచమని అప్పగించినట్టు కాదు, కాబట్టి నమ్మకద్రోహం లేదు. ఒకే సంగతి మీద నమ్మకద్రోహమూ మోసమూ రెండూ ఉండలేవు. ఆ తీర్పు చదవని ఫిర్యాదులు ఇప్పటికీ రెండు సెక్షన్లతో పడుతూనే ఉన్నాయి.

కంపెనీల చట్టం 447 కూడా కొందరు చేరుస్తారు. ఆ సెక్షను కింద కేంద్రం తీవ్ర మోసాల దర్యాప్తు సంస్థ ఎస్ఎఫ్ఐఓ డైరెక్టరు గానీ, కేంద్రం అధికారమిచ్చిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. మనం వేస్తే వృథా.

నాలుగో పని: కాగితాలు, ఫోను

లారీ రసీదులు, కాటా చీటీలు, ఈ-వే బిల్లులు, అవతలి గోదాములో సరుకు దించుకున్న ముద్ర, సంతకం. ఇవి మామూలే. అసలు చిక్కు వాట్సాప్, ఈమెయిల్ దగ్గర వస్తుంది. మీ కేసులో బుర్ర, తేదీ రెండూ ఉన్నది వాటిలోనే కదా. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. దానికి రెండు భాగాలు: మొదటిది ఫోను లేదా కంప్యూటరు వాడే మనిషి సంతకం చేయాలి, రెండోది నిపుణుడు. ఆ ఫైలు హాష్ విలువ, అంటే SHA256 లాంటి లెక్కతో వచ్చే గుర్తు సంఖ్య, అందులో రాయాలి. ఫోను మార్చేముందు, చాటు తుడిచేముందు ఈ పని చేయించండి. కొత్త ఫోనులోకి బ్యాకప్ తెచ్చుకున్నాం కదా అంటే, అసలు ఫోను ఎక్కడ అని అడుగుతారు.

అయిదో పని: ఎక్కడ, ఎలా దాఖలు

కంపెనీ విశాఖలోనో హైదరాబాదులోనో ఉంది కదా, అక్కడికే వెళ్ళాలా? అక్కర్లేదు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 202 ప్రకారం, మోసపు మాట సందేశాల ద్వారా వచ్చి ఉంటే అవి పంపిన చోటైనా, అందుకున్న చోటైనా విచారించవచ్చు. సరుకు మీరు అప్పగించిన చోటు కూడా సరిపోతుంది. మెయిలు పలాసలో చదివారు, లారీ కాశీబుగ్గలో ఎక్కించారు. మీ పరిధి కోర్టు చాలు.

ముందు స్టేషనులో రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకున్నట్టు రసీదు అడగండి. "సివిల్ గొడవ" అని తీసుకోకపోతే అదే సంహిత సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గర సెక్షన్ 175(3) కింద, ఎస్పీకి పంపినట్టు ప్రమాణ పత్రంతో దరఖాస్తు. ఎస్పీ మెట్టు దాటేసి నేరుగా వెళ్తే వెనక్కి పంపుతారు.

లేదా సెక్షన్ 223 కింద ప్రైవేటు కంప్లైంటు. మిమ్మల్నీ సాక్షులనూ మేజిస్ట్రేటు ప్రమాణం మీద విచారిస్తారు. కొత్త చట్టంలో ఒక మార్పు ఉంది: కేసు స్వీకరించే ముందే ముద్దాయికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంటే కంపెనీ లాయరు మొదటి రోజుల్లోనే వచ్చి చెయ్యి-బుర్ర వాదన వినిపిస్తాడు. ముద్దాయిలు పరిధి బయట ఉంటే సెక్షన్ 225 కింద మేజిస్ట్రేటు సమన్లకు ముందు విచారణ కూడా చేయాలి. పైన చెప్పిన తేదీల పట్టిక, ప్రకటన కాపీ ఈ దశలోనే చేతిలో ఉండాలి, తర్వాత వేస్తామంటే కుదరదు.

సమన్లు కంపెనీకి ఎలా అందుతాయి? సెక్షన్ 65 ప్రకారం డైరెక్టరు, మేనేజరు, సెక్రటరీ లేదా మరో అధికారికి ఇవ్వవచ్చు, వాళ్ళ పేరిట రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపవచ్చు. మాస్టర్ డేటాలోని రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఇక్కడ పనికొస్తుంది. కోర్టులో కంపెనీ తరఫున ప్రతినిధి నిలబడతాడు, సెక్షన్ 342 కింద. ఎండీ సంతకంతో నియామక పత్రం ఉంటే చాలు, కంపెనీ ముద్ర అక్కర్లేదు. ప్రతినిధి రాకపోతే కేసు ఆగదు. ముద్దాయి సమక్షంలో జరగాల్సిన పనులు అతను లేకుండానే జరుగుతాయి. ఆ ప్రతినిధి ముద్దాయి కాదు, అతన్ని అరెస్టు చేయమని అడగడం అర్థం లేని పని.

డబ్బు సంగతి వేరే

ఈ కేసుతో 48 లక్షలు తిరిగి వస్తాయనుకోవద్దు. కంపెనీకి పడేది జరిమానా ఒక్కటే. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు వేయగల జరిమానాకు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 23 కింద 50 వేల హద్దు ఉంది. అంతకు మించాలంటే కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. పరిహారం ఇప్పించినా కంపెనీ వంతు ఆ జరిమానాలోంచే.

అందుకే డబ్బు దావా పక్కనే నడవాలి, మూడేళ్ళ గడువు దాటకుండా. మీ యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉంటే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిలుకూ వెళ్ళవచ్చు. చేతిలో కంపెనీ చెక్కు ఉంటే ఇంకో దారి: మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి, బౌన్సు మెమో వచ్చాక 30 రోజుల్లో నోటీసు, అందాక 15 రోజులు ఆగి, తర్వాత నెలలోపు ఫిర్యాదు. అక్కడ కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టరు మీద ఒక్కడి మీదే వేస్తే కేసు చెల్లదు, 2012లో అనీతా హడా తీర్పు.

మొండిబాకీ కంపెనీ కాబట్టి చివరగా ఇది చూసుకోండి. దాని మీద దివాలా ప్రక్రియ మొదలైతే చెక్కు కేసు కంపెనీ వరకు ఆగిపోతుంది, డైరెక్టర్ల మీద సాగుతుంది. దివాలా చట్టం 32ఏ కింద పరిష్కార ప్రణాళిక ఆమోదం పొంది కంపెనీ కొత్త యాజమాన్యం చేతికి వెళ్తే, పాత నేరాల నుంచి కంపెనీ బయటపడుతుంది. ఏ-1 పేరు జాబితాలోంచి పోతుంది, ఏ-2 మిగులుతాడు. దివాలా ప్రకటన వచ్చిన వెంటనే, ఆ ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ దగ్గర మీ 48 లక్షల క్లెయిము నమోదు చేయించుకోండి. ప్రకటనలోనే చివరి తేదీ ఉంటుంది.